గోడ మీద క్యాలెండర్: ఫ్రేమ్ జరపాలా, ప్యాచ్ వేయాలా?

ప్రశ్న: మా ఊళ్లో మగ్గం నేసే పెద్దాయన మీద చిన్న డాక్యుమెంటరీ చేస్తున్నాను. ఇంటర్వ్యూ 4కేలో, ఒకటే కెమెరాతో, ట్రైపాడ్ మీద తీశాను. ఫుల్ హెచ్‌డీలో ఇవ్వాలి. ఆయన వెనక గోడకి ఎరువుల కంపెనీ క్యాలెండర్ ఉంది, ఎర్ర లోగో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఫ్యాన్ గాలికి ఊగుతోంది కూడా. జూమ్ చేసి బయటికి నెట్టేయాలా, ప్యాచ్ వేసి చెరిపేయాలా? జూమ్ చేస్తే క్వాలిటీ పోతుందని భయం. ఎడిటింగ్‌కి రిజాల్వ్ వాడుతున్నాను. రెండు స్టిల్స్ పెట్టాను. రెండోదాంట్లో ఆయన చెయ్యి క్యాలెండర్ మీదుగా వెళ్తోంది.

సమాధానం:

రెండూ చేయండి. కాకపోతే రెండూ ఒకే చోట కాదు. ఆయన చేతులు ఒళ్లో ఉన్నంతసేపూ వైడ్ ఫ్రేమ్ కదపకుండా, క్యాలెండర్‌ని గోడ ముక్కతో కప్పేయండి. చెయ్యి లేచి క్యాలెండర్ ముందుకి వచ్చే మాటల దగ్గర మాత్రం ఫ్రేమ్‌ని దగ్గరికి జరిపి క్యాలెండర్‌ని బయటికి పంపేయండి. ఎక్కడ ప్యాచ్ కష్టమో అక్కడ జూమ్, ఎక్కడ జూమ్ వల్ల ఫ్రేమ్ చెడుతుందో అక్కడ ప్యాచ్. ఇక క్వాలిటీ సంగతి: 4కే ఫుటేజీని ఫుల్ హెచ్‌డీలో ఇస్తున్నారు కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు. మీ అసలు సమస్య కంపోజిషన్.

ముందు ఒక మాట. ఇది ఏదైనా చానెల్‌కి వార్తా కథనంగా వెళ్తుందా? అలాగైతే ప్యాచ్ ఆలోచన ఇక్కడే వదిలేయండి. అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్ లాంటి వార్తాసంస్థలు ఫొటోని క్రాప్ చేయడానికి ఒప్పుకుంటాయి గానీ అందులో ఉన్న వస్తువుని చెరిపేయడానికి ఒప్పుకోవు. వార్తలో క్రాప్ అంటే ఎంత చూపించాలో ఎంచుకోవడం, ప్యాచ్ అంటే అక్కడున్నదాన్ని లేదని చెప్పడం. మీది సొంత డాక్యుమెంటరీ కాబట్టి నిర్ణయం మీదే. అది పొగాకు ఉత్పత్తి లోగో అయ్యుంటే కథ వేరు. మన దేశంలో పొగాకు నిబంధనల ప్రకారం ఆ బ్రాండ్ పేరుని క్రాప్ చేసో, మాస్క్ చేసో కనిపించకుండా చేసి తీరాలి. ఎరువుల కంపెనీకి అంత పట్టింపు లేదు. అందుకే ప్రేక్షకుడి చూపు లాగకుండా ఉంటే చాలన్నది మీ లక్ష్యం అనుకుని రాస్తున్నాను.

జూమ్ ఒక్కటే ఎందుకు చాలదు

మీ మొదటి స్టిల్ తీసుకుని కొలిచాను. ఫ్రేమ్ వెడల్పు 3840 పిక్సెళ్లు. క్యాలెండర్ ఎడమ అంచు దాదాపు 2900 దగ్గర మొదలై 3400 వరకు ఉంది. ఇందులో గమనించాల్సింది, అది ఫ్రేమ్ అంచుకి ఆనుకుని లేదు, బాగా లోపలికి ఉంది. అంచున ఉన్న స్విచ్‌బోర్డో, కుర్చీ కోడో అయితే ఐదారు శాతం జూమ్‌తో పోతుంది, ఎవరికీ తెలియదు. లోపలికి ఉన్న వస్తువుని బయటికి నెట్టాలంటే దానికీ అంచుకీ మధ్య ఉన్న ఖాళీ గోడని కూడా పారేసుకోవాలి.

లెక్క చాలా తేలిక. ఫ్రేమ్ వెడల్పుని మీరు ఉంచుకోబోయే వెడల్పుతో భాగించండి. అయితే స్టిల్‌లో కనిపించే అంచుని నమ్మకండి. క్లిప్ మొత్తం ఒకసారి ముందుకీ వెనక్కీ తోసి చూసి, ఫ్యాన్ గాలికి కాగితం అన్నిటికంటే ఎక్కువ లోపలికి వచ్చిన ఫ్రేమ్ ఎక్కడుందో పట్టుకోండి. మీ రెండో స్టిల్‌లోనే అది 2860 దాకా వచ్చింది. 3840ని 2860తో భాగిస్తే 1.34 వస్తుంది. కొంచెం వెసులుబాటు కోసం 1.4 పెట్టుకుందాం.

1.4 జూమ్ అంటే మీకు మిగిలేది 2743 పిక్సెళ్ల వెడల్పు, 1543 పిక్సెళ్ల ఎత్తు. ఫుల్ హెచ్‌డీకి కావాల్సింది 1920. అంటే ఇంత జూమ్ చేశాక కూడా మీ దగ్గర అవసరానికి మించిన పిక్సెళ్లే ఉన్నాయి, బొమ్మని సాగదీయడం లేదు. ఇది నిజం కావాలంటే ఒకటే షరతు: టైమ్‌లైన్ ఫుల్ హెచ్‌డీలో ఉండాలి, జూమ్ ఒరిజినల్ 4కే క్లిప్ మీదే జరగాలి. రిజాల్వ్‌లో Inspector లోని Zoom అలాగే పనిచేస్తుంది. ముందే హెచ్‌డీకి మార్చుకున్న ఫైలుని టైమ్‌లైన్‌లో పెట్టి జూమ్ చేస్తే మాత్రం బొమ్మ మెత్తబడుతుంది. ప్రీమియర్ వాడే మిత్రులు Scale to Frame Size కాకుండా Set to Frame Size ఎంచుకోవాలి. మొదటిది ముందు బొమ్మని టైమ్‌లైన్ సైజుకి కుదించేసి, ఆ కుదించినదాన్ని మీ చేత జూమ్ చేయిస్తుంది. "4కేలో తీసినా జూమ్ చేస్తే పాడైంది" అని వాపోయే చాలామంది విషయంలో కారణం ఇదే.

పిక్సెళ్లు సరే, మరి ఫ్రేమ్ ఏమైంది? పెద్దాయన కుడివైపు చూస్తూ మాట్లాడుతున్నారు. ఆయన ముఖం 1350 దగ్గర ఉంది, అంటే ఎడమ నుంచి మూడో వంతుకి కాస్త అటుగా. కళ్ల ముందు చక్కటి ఖాళీ ఉంది, మీరు ఫ్రేమ్ బాగానే పెట్టారు. 1.4 జూమ్ చేసి క్యాలెండర్‌ని కుడివైపు నుంచి బయటికి తోస్తే ఆయన ముఖం సరిగ్గా మధ్యలోకి వచ్చేస్తుంది, చూపు ముందున్న ఖాళీ తగ్గిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం కింద ఉంది. ఎత్తులో 600 పిక్సెళ్లకి పైగా పోతాయి కాబట్టి ఒళ్లో ఉన్న చేతులు ఫ్రేమ్‌లోంచి మాయమవుతాయి. మగ్గం నేసే మనిషి ఇంటర్వ్యూలో చేతులు లేకుండా పది నిమిషాలు చూపించడం నాకైతే మనసొప్పదు. అందుకే మొత్తం ఇంటర్వ్యూకి జూమ్ వద్దంటున్నాను.

సగం జూమ్ చేసి లోగో సగం కోస్తే సరిపోదా అంటారేమో. అది ఇంకా చెడ్డది. ఫ్రేమ్ అంచున సగం తెగిన అక్షరాలు ఉంటే కన్ను అటే పోతుంది, మిగతా సగం ఏమిటా అని పూరించుకుంటుంది. రంగునిబట్టే కంపెనీని గుర్తుపట్టే ఊళ్లో సగం లోగో అంటే పూర్తి లోగోనే. వస్తువు పూర్తిగా బయటికి పోవాలి, లేదా పూర్తిగా లోపల ఉండాలి.

వైడ్ షాట్‌లో ప్యాచ్

మీ షాట్‌లో ప్యాచ్‌కి కలిసొచ్చేవి రెండు: కెమెరా కదలదు, వెనక ఉన్నది సున్నం గోడ. ట్రాకింగ్ అవసరమే లేదు. అదే క్లిప్‌ని అదే టైమ్‌లో పై ట్రాక్ మీద కాపీ పెట్టి, క్యాలెండర్ లేని గోడ భాగం క్యాలెండర్ మీదకి వచ్చేలా ఆ కాపీని జరిపి, చుట్టూ Cropping తో కత్తిరించి, Softness తో అంచులు మెత్తగా చేస్తే సగం పని అయినట్టే. మిగతా సగం ఆ గోడ ముక్క ఎక్కడినుంచి తెచ్చారన్న దాని మీద ఉంటుంది.

చాలామంది పక్కనున్న గోడని తెస్తారు. మీ షాట్‌లో అది పనిచేయదు. కిటికీ ఎడమవైపు ఉంది, గోడ ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ క్రమంగా చీకటి పడుతోంది. పక్క ముక్క తెచ్చి పెడితే ఒక అంచు కలుస్తుంది, రెండో అంచు దగ్గర లేత చతురస్రం తేలుతుంది. క్యాలెండర్‌కి సరిగ్గా కిందున్న గోడని తీసుకోండి. కిటికీ నుంచి దూరం దాదాపు సమానం కాబట్టి వెలుగు కూడా దాదాపు అంతే ఉంటుంది. మీ స్టిల్‌లో పైనున్న మేకుతో సహా క్యాలెండర్ 300 నుంచి 1000 దాకా ఉంది, దాని కింద 1750 వరకు గోడ ఖాళీగానే ఉంది. కాపీని నిట్టనిలువుగా 720 పిక్సెళ్లు పైకి జరపాలి. హెచ్‌డీ టైమ్‌లైన్‌లో అది 360 అవుతుంది, కాబట్టి Position Y దగ్గర 360 కొట్టండి. Position X ముట్టుకోకండి.

కప్పాల్సింది క్యాలెండర్‌ని మాత్రమే కాదు. పైన మేకు ఉంది, దారం ఉంది. వెలుగు ఎడమనుంచి వస్తోంది కాబట్టి క్యాలెండర్ నీడ కుడిపక్క పడుతోంది, గాలికి కాగితం లేచినప్పుడల్లా ఆ నీడ వెడల్పు అవుతోంది. వస్తువుని తీసేసి నీడని వదిలేయడం ప్యాచ్‌ల్లో నేను చూసే అతి మామూలు లోపం. చూసేవాడికి ఏం తేడాగా ఉందో చెప్పడం రాదు, కానీ గోడ మీద ఏదో కదులుతోందని మాత్రం తెలుస్తుంది. అందుకే మాస్క్‌ని ఊగిన హద్దు కంటే కాస్త పెద్దదిగా, నీడని కూడా కలుపుకుని కత్తిరించండి.

స్టిల్ తీసి ఫొటోషాప్‌లో శుభ్రం చేసి పైన పెడితే ఇంకా నీటుగా రాదా అన్నది తర్వాత వచ్చే ప్రశ్న. రెండు కారణాలకి వద్దంటాను. వీడియోలో గోడ ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు, సెన్సర్ నాయిస్ ప్రతి ఫ్రేమ్‌లోనూ సన్నగా కదులుతుంటుంది. ఆ మధ్యలో స్టిల్ ముక్క పెడితే అక్కడ మాత్రం నాయిస్ ఆగిపోయి, ఆ చోటు ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. రెండోది, కిటికీ వెలుగులో తీశారు కాబట్టి మబ్బు పట్టిన ప్రతిసారీ గోడ మసకబారుతుంది, స్టిల్ మాత్రం మసకబారదు. అప్పుడు క్యాలెండర్ ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. అదే క్లిప్ కాపీ అయితే నాయిస్ బతికే ఉంటుంది, మబ్బు వస్తే రెండూ ఒకేసారి మసకబారతాయి.

సున్నం గోడలతో ఒక చిక్కుంది. పెచ్చు లేచిన చోట్లు, చెమ్మ మరకలు ఉంటాయి. కింద ఉన్న మరక పైన కూడా ప్రత్యక్షమైతే కవల మరకలు అవుతాయి. ఒకటి గుర్తుపట్టారంటే ఇక ప్రేక్షకుడికి ప్యాచ్ తప్ప ఇంకేమీ కనిపించదు. మీ స్టిల్‌లో 1400 దగ్గర అరచేతంత ఒక చెమ్మ మరక ఉంది. ఆ ఒక్క మరక మీద Color పేజీలో Patch Replacer వేసి, పక్కన శుభ్రంగా ఉన్న గోడతో కప్పండి, పద్ధతి Adaptive Blend పెట్టండి. అది పై ట్రాక్‌లోని కాపీ మీద వేయాలి, కింద ఉన్న అసలు క్లిప్ మీద కాదు. అసలు గోడ మీద మరక ఉండనివ్వండి, అది ఆ ఇంటిదే కదా.

గ్రేడింగ్ విషయంలో వరస ముఖ్యం. ముందు ప్యాచ్, రెండు క్లిప్పుల్నీ కలిపి కాంపౌండ్ క్లిప్ చేయడం, ఆ తర్వాతే గ్రేడ్. అసలు క్లిప్ మీద ముందే విన్యెట్ వేసి ఉండి దాన్నే కాపీ చేస్తే, కింద మూలలో చీకటి చేసిన గోడ పైకొచ్చి అతుక్కుంటుంది. అప్పుడు అంచులు ఎంత మెత్తబరిచినా కలవవు.

అతుకు కనిపిస్తోందో లేదో మామూలు కంటితో చూడకండి. పైన ఒక అడ్జస్ట్‌మెంట్ క్లిప్ పెట్టి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచండి, బొమ్మ అసహ్యంగా అయిపోవాలి. గోడ వెలుగులో రెండు మూడు శాతం తేడా ఉన్నా ఆ స్థితిలో గీత గీసినట్టు తెలుస్తుంది. కనిపిస్తే కాపీ క్లిప్ గెయిన్ అణువంత పెంచో తగ్గించో సరిచేసి, మళ్లీ చూసి, ఆ అడ్జస్ట్‌మెంట్ క్లిప్ తీసేయండి. మబ్బు పట్టినప్పుడు ఒకసారి, ఎండ ఉన్నప్పుడు ఒకసారి, రెండు చోట్లా చూడాలి.

చెయ్యి లేచే చోట

ఇక మీ రెండో స్టిల్. ఆయన చెయ్యి 3000 దాకా వస్తోంది, అంటే మీ ప్యాచ్‌లోకి చొచ్చుకొస్తోంది. గోడ ముక్క పైన ఉంది కాబట్టి వేళ్లు గోడలో కూరుకుపోయినట్టు మాయమవుతాయి. దీన్ని ప్యాచ్‌తోనే సాధించాలంటే చేతి చుట్టూ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మాస్క్ గీయాలి. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన రెండు సెకన్ల చేయూపుకి 50 ఫ్రేములు. కదిలే వేళ్ల మసకని మాస్క్‌తో పట్టుకోవడం అలవాటైన వాళ్లకే చిరాకు. మీ ఇంటర్వ్యూలో ఆయన ఎన్నిసార్లు చెయ్యి ఊపారో మీకే తెలుసు.

ఇక్కడే జూమ్ పనికొస్తుంది. ఆ వాక్యం మొదలయ్యే ముందు కట్ చేసి 1.4 సైజుకి వెళ్లండి. Zoom 1.4. బొమ్మని పూర్తిగా కుడికి తోయడానికి Position X 384. ఇంతకు మించితే ఎడమవైపు నల్ల అంచు బయటపడుతుంది. మధ్యలో ఉంచి జూమ్ చేస్తే తల పైభాగం తెగుతుంది, అందుకని Position Y సుమారు -130 ఇచ్చి బొమ్మని కిందికి దించండి, తల పైన కాస్త ఊపిరి ఉంటుంది. ఇందాక ఇదే ఫ్రేమ్‌ని పది నిమిషాలకి వద్దన్నాను. ఒకటి రెండు వాక్యాల మేర దగ్గరి షాట్‌గా మాత్రం ఇది ముచ్చటగా ఉంటుంది, ముఖం మీద ముడతలు, కళ్లు కనిపిస్తాయి. చెయ్యి ఫ్రేమ్ బయటికి పోయి వస్తుంది, క్లోజ్‌లో అది సహజమే.

ఇంకో లాభం. మీది ఒకటే కెమెరా. మాటలు కుదించడానికి మధ్యలో ఎక్కడ కోసినా తల గెంతుతుంది. వైడ్ నుంచి 1.4కి మారితే అది రెండో కెమెరాకి వెళ్లినట్టు అనిపిస్తుంది, గెంతు దాని కింద దాక్కుంటుంది. 1.1, 1.15 లాంటి చిన్న మార్పుతో కోయకండి, అది షాట్ మారినట్టుగా కాకుండా ఏదో తగిలి కెమెరా కదిలినట్టు ఉంటుంది. కట్‌ని మాట మొదట్లోగానీ, ఆయన తల తిప్పే క్షణంలోగానీ పెట్టండి. చెయ్యి లేవడం మొదలయ్యాక పెట్టకండి, అప్పటికే వైడ్‌లో వేళ్లు ప్యాచ్‌ని తాకి ఉంటాయి.

క్లోజ్ సైజు ఒక్క చెయ్యి ఊపిన చోట్లే వాడితే వింతగా ఉంటుంది. చేతులు కిందున్న చోట్ల కూడా, ఆయన మనసు విప్పి చెప్పే మాటల దగ్గర రెండు మూడు సార్లు వాడండి. అప్పుడది మీ శైలిలా ఉంటుంది. ఈ క్లోజ్ షాట్లకి ప్యాచ్ అక్కర్లేదు, అసలు క్లిప్‌నే జూమ్ చేయండి.

చెయ్యే అసలు విషయమైన చోటు ఒకటో రెండో మిగులుతాయి. "పోగు ఇంత సన్నం", "చీర ఇంత పొడుగు" అని చేత్తో చూపిస్తారు చూశారూ, అక్కడ. ఆ చెయ్యిని క్లోజ్‌లో కోసేస్తే అర్థమే పోతుంది. అక్కడ ముందు చేయాల్సింది మాట నడుస్తుండగా పైన మగ్గం మీది షాట్ వేయడం. మీ దగ్గర నాడె ఆడుతున్న షాట్లు ఉండే ఉంటాయి. అదీ కుదరకపోతే, ఆ ఒక్క షాట్ కోసం మాస్క్ గీయండి, కష్టానికి ఫలితం ఉంటుంది. రెండు సెకన్లే కదా అని అక్కడ క్యాలెండర్‌ని ఉండనివ్వకూడదు సుమా. ముందూ వెనకా ఖాళీ గోడ చూపించి మధ్యలో క్యాలెండర్ చూపిస్తే అది లోగో కంటే పెద్ద ఆకర్షణ. మొత్తం సినిమాలో ఆ గోడ కనిపించే ఇంకే షాటైనా ఉందేమో వెతకండి. ఆయన లేచి మగ్గం దగ్గరికి నడిచే షాట్‌లో వెనక క్యాలెండర్ ఉండొచ్చు.

ఇదే పద్ధతి ఎక్కడ పనిచేయదు

కెమెరా చేతిలో ఉంటే నా మొగ్గు జూమ్ వైపే. ఒక పచ్చళ్ల వ్యాపారి ప్రకటనకి ఫైనల్ ఎడిట్ చేస్తున్నప్పుడు, కిరాణా కొట్టులో చేత్తో తీసిన షాట్‌లో వెనక కూల్‌డ్రింక్ ఫ్రిజ్ వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ పేరు, ఆ అద్దంలో రోడ్డు మీద పోయే బండ్ల ప్రతిబింబాలు. పేరుని ట్రాక్ చేసి కప్పడం సాధ్యమే గానీ, ప్రతిబింబం అక్కడ మాత్రం ఆగిపోతుంది. ఆ షాట్‌లో ఫ్రిజ్ అన్నిటికంటే లోపలికి వచ్చిన ఫ్రేమ్‌ని పట్టుకుని, ఆ ఫ్రేమ్‌కి సరిపోయే జూమ్‌నే షాట్ మొత్తానికి కదలకుండా పెట్టాం. జూమ్‌ని కీఫ్రేములతో కెమెరా కదలికకి ఎదురు నడిపిస్తే బొమ్మ నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది.

చొక్కా మీది లోగోకి జూమ్ పనిచేయదు, అది మనిషితోపాటే ఉంటుంది. గుడ్డ మడతలు పడుతుంది కాబట్టి గోడకి వేసిన ప్యాచ్ లాంటిదీ నిలవదు. చట్టపరమైన పట్టింపు లేకపోతే లోగో చుట్టూ మెత్తటి విండో పెట్టి, దాన్ని ట్రాక్ చేసి, రంగు తగ్గించి, చొక్కా రంగుకి దగ్గరగా వెలుగు దించేస్తే చాలు. బ్లర్ మాత్రం వేయకండి. బ్లర్ చూస్తే ఇక్కడేదో దాచారని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, పెద్దాయన మాటలు వదిలేసి ఆ మసక వెనక ఏముందోనని చూస్తాడు.

ఒకవేళ రేపు ఎవరైనా ఇదే డాక్యుమెంటరీని 4కేలో అడిగితే వైడ్ ప్యాచ్ అలాగే నిలబడుతుంది, Position Y 360 బదులు 720 అయిందో లేదో చూసుకోండి. 1.4 క్లోజ్ మాత్రం అప్పుడు నిజంగానే సాగదీసిన బొమ్మ అవుతుంది, మీరు మొదట భయపడిన మెత్తదనం అక్కడ కనిపిస్తుంది. అందుకే చేతులు కిందున్న చోట్ల వాడిన క్లోజ్ షాట్ల కింద కూడా వైడ్ ప్యాచ్ కాంపౌండ్ క్లిప్‌ని డిసేబుల్ చేసి ఉంచుకోండి.